సాయంత్రం ఎల్‌ఈడీ లైట్లు వేయగానే వైఫై పడిపోతోంది, గీతలు మాత్రం నిండుగానే ఉంటున్నాయి

సత్యంపురం_సునీత
నమస్తే అండీ. మాది విజయవాడ, సత్యనారాయణపురం. నాలుగు నెలల క్రితం హాల్లో కొత్త టీవీ యూనిట్ చేయించాం. వెనక చుట్టూరా ఎల్‌ఈడీ స్ట్రిప్ వేశారు. దానికి కరెంటు ఇచ్చే డ్రైవర్, రౌటర్, టీవీ బాక్స్ మూడూ ఆ చెక్క అరలోనే ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి తగిలించారు. పగలంతా నెట్ బాగానే ఉంటుంది. రాత్రి ఏడు దాటాక, అంటే లైట్లు వేసుకునే టైముకి, వీడియో కాల్ ముక్కలు ముక్కలు అవుతుంది, ఒక్కోసారి వైఫై కట్ అయి మళ్ళీ కలుస్తుంది. నాకు ఆఫీసు కాల్స్ అన్నీ ఆ టైములోనే. ఫోన్లో గీతలు చూస్తే నాలుగూ నిండుగా ఉంటాయి, అదే నాకు అర్థం కావడం లేదు. నెట్ వాళ్ళు మూడుసార్లు వచ్చారు, రౌటర్ కూడా మార్చారు, ఫైబర్‌లో లైట్ బాగానే వస్తోంది, మీ ఇంట్లోనే ఏదో డిస్టర్బెన్స్ ఉందని చెప్పి వెళ్ళిపోయారు. నిజంగా ఎల్‌ఈడీ లైటు వైఫైని చెడగొడుతుందా? పైన ఫ్యాన్ కూడా కొత్తదే.

గుంటూరు_గిరి
వంద శాతం ఆ డ్రైవరే అక్కా. చవక డ్రైవర్లు గాల్లోకి విపరీతంగా నాయిస్ వదులుతాయి, అది 2.4 గిగాహెర్ట్జ్ మీద పడి వైఫైని నొక్కేస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కి మారిపోండి, అక్కడ దాని గోల ఉండదు. లేదంటే డ్రైవర్‌కీ రౌటర్‌కీ మధ్య వంటింటి అల్యూమినియం ఫాయిల్ అడ్డం పెట్టండి. మా బ్రాడీపేట రూములో ఫ్యాన్ రెగ్యులేటర్ తగ్గిస్తే చాలు స్పీకర్లో బుర్రుమని మోత వస్తుంది, అలాంటిదే ఇది కూడా.

కృష్ణలంక_కిరణ్
నాదీ ఇదే సమస్య. కొత్త రిమోట్ ఫ్యాన్ పెట్టించాను, హాల్లో ఎల్‌ఈడీ ప్యానెల్ లైటు వెలుగుతుంటే రిమోట్ నొక్కినా ఫ్యాన్ పలకదు, లైటు ఆపితే వెంటనే పలుకుతుంది. వైఫై సిగ్నల్ కూడా ఇలాగే పోతోందన్నమాట. డ్రైవర్ మారిస్తే రెండూ బాగవుతాయా?

రేడియో_మాస్టారు
కిరణ్ బాబూ, ముందు మీ సంగతి. మీ రిమోట్ చివర చిన్న బల్బులాంటిది ఉండి, ఫ్యాన్ వైపు గురిపెట్టి నొక్కాల్సి వస్తుంటే అది రేడియోతో పనిచేసేది కాదు, కంటికి కనపడని కాంతితో పనిచేసేది. ప్యానెల్ లైటు మనకి నిలకడగా కనపడినా లోపల చాలా వేగంగా మిణుకుతుంటుంది, అది ఫ్యాన్ కింద ఉన్న రిసీవర్ కంట్లో పడి రిమోట్ కోడ్‌ని కప్పేస్తుంది. రిసీవర్ పక్కన, లైటు వైపు మాత్రమే, చిన్న అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. దానికీ వైఫైకీ సంబంధం లేదు.

సునీత గారూ, గిరి చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. డ్రైవర్ లోపల స్విచింగ్ సెకనుకి సుమారు అరవై వేల సార్ల నుంచి లక్షన్నర సార్లు జరుగుతుంది. ఆ గోల మీడియం వేవ్ రేడియోలో దారుణంగా వినపడుతుంది, చవకబారు వాటిదైతే ఎఫ్ఎం దాకా పాకుతుంది. పైకి పోయేకొద్దీ బలం తగ్గిపోతుంది. వైఫై ఉండేది 2400 మెగాహెర్ట్జ్ దగ్గర, అక్కడికి చేరేసరికి మామూలుగా ఏమీ మిగలదు. కాబట్టి గాల్లోంచి నేరుగా వైఫై మీద పడుతోందని అప్పుడే తేల్చేయకండి. ఆ గోల రౌటర్‌లోకి పోవడానికి ఇంకో దారి ఉంది, దాని కరెంటు తీగ.

గీతల గురించి అడిగారు. గీతలు చెప్పేది రౌటర్ గొంతు ఎంత గట్టిగా వినిపిస్తోందనే తప్ప, మాట ఎంత స్పష్టంగా ఉందో కాదు. బస్టాండులో పక్కనే నిలబడి ఎవరో అరుస్తున్నా మాట అర్థం కాకపోవచ్చు కదా, అలాగ.

ఈ నాలుగు సంగతులు చెప్పండి. పడిపోయినప్పుడు 2.4 ఒక్కటే పోతోందా, 5 కూడా పోతోందా? ఆ టైములో ల్యాప్‌టాప్‌ని తీగతో రౌటర్‌కి కలిపితే ఎలా ఉంది? రౌటర్ పేజీలో System Uptime సున్నా నుంచి మళ్ళీ మొదలవుతోందా? రౌటర్ అడాప్టర్ దానితో వచ్చిందేనా? ల్యాప్‌టాప్ వైఫైలో ఉండగా ఇది కూడా ఒక పది నిమిషాలు పెట్టి చూడండి. ఇది బయట నెట్‌ని కాదు, మీ దగ్గర్నుంచి రౌటర్ దాకా ఉన్న దారిని మాత్రమే చూస్తుంది.

```
ping -t 192.168.1.1
```

సత్యంపురం_సునీత
మాస్టారూ, నిన్న రాత్రి అన్నీ చూశాను. 5 కూడా పోతోందండీ, రెండూ ఒకేసారి. తీగతో కలిపితే ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు, కాల్ కూడా శుభ్రంగా సాగింది. Uptime ఆరు రోజులు చూపిస్తోంది, అంటే రౌటర్ రీస్టార్ట్ కావడం లేదు. పింగ్ పగలు 2, 3 మిల్లీసెకన్లు వచ్చేది, రాత్రి 400, 900 అయి మధ్యలో Request timed out అని వరసగా పడుతోంది.

అడాప్టర్ మాత్రం అసలుది కాదు. టీవీ యూనిట్ చేసేటప్పుడు వైరింగ్‌లో ఏదో తేడా వచ్చి అసలుది కాలిపోయింది. ఎలక్ట్రీషియన్ అబ్బాయే 150 రూపాయలకి ఇంకోటి తెచ్చి పెట్టాడు. నెట్ వాళ్ళు రౌటర్ మార్చినప్పుడు కూడా ఇదే పిన్ను సరిపోతుందని పాత అడాప్టరే ఉంచేశారు. మల్టీమీటర్‌తో మా ఆయన కొలిస్తే 11.8 వోల్టులు ఉంది, బాగానే ఉంది కదా అనుకున్నాం.

రేడియో_మాస్టారు
రెండు బ్యాండ్లూ ఒకేసారి పోతున్నాయన్నది పెద్ద ఆధారం. గాల్లో గోల అయితే సాధారణంగా 2.4 దెబ్బతిని 5 నిలబడుతుంది. రెండూ కలిసి పోతూ తీగ మీద బాగుందంటే, ఆ రెండు రేడియోలకీ ఉమ్మడిగా ఉన్న చోట తేడా ఉంది. అది రౌటర్‌కి వచ్చే 12 వోల్టుల కరెంటు కావచ్చు. రౌటర్‌లో కంప్యూటర్ భాగం కొంత తేడాని ఓర్చుకుంటుంది. రేడియో పంపేటప్పుడు మాత్రం ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, ఆ క్షణంలో వోల్టేజీ కుంగినా వణికినా సిగ్నల్ వంకర పోతుంది. వీడియో కాల్‌లో మీ వైపు నుంచి కూడా చాలా డేటా పోతుంది కాబట్టి అప్పుడే ఎక్కువ తెలుస్తుంది.

నిర్ధారించుకోవడానికి తేలిక దారి, ఇంట్లో రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్ ఉందా? ఉంటే దాన్ని బాగా ఛార్జి చేసి, గోడ ప్లగ్గు నుంచి పూర్తిగా పీకేసి, ఆ బ్యాటరీ మీదే రౌటర్ నడపండి. ప్లగ్గులో ఉంచి చూస్తే ప్రయోజనం లేదు, పీకేయాలి. అప్పుడు ఎల్‌ఈడీలు వెలుగుతున్నా వైఫై నిలబడితే గోల వస్తున్నది తీగలోంచి. బ్యాటరీ మీద కూడా పడిపోతే అప్పుడు గిరి చెప్పిన గాలి దారి చూద్దాం.

గిరీ, ఫాయిల్ వద్దు నాయనా. చెక్క అరలో డ్రైవర్‌కి గాలి ఆడదు, పైగా అది ఎక్కడైనా 230 పిన్నులకి తగిలితే ప్రాణం మీదికొస్తుంది. రౌటర్ చుట్టూ పెడితే ముందు దాని సిగ్నలే ఆగిపోతుంది.

గుంటూరు_గిరి
ఫాయిల్ సంగతి ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ లైటు వేస్తేనే పోతోందని ఆవిడే అంటున్నారు కదా. అడాప్టర్ తేడా అయితే పగలు కూడా పోవాలిగా?

పటమట_ప్రసాద్
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా గేటు రిమోట్ ఇదివరకు వీధి మలుపు నుంచే పనిచేసేది, ఇప్పుడు కారు గేటుకి ఆనించినంత దగ్గరికి వస్తే తప్ప తెరుచుకోదు. బ్యాటరీ మార్చాను. గేటు మోటారు పైన పోర్టికోలో కొత్తగా రెండు ఎల్‌ఈడీ బల్బులు పెట్టాం. రిమోట్ వెనక 433 అని రాసి ఉంది. ఇది కూడా ఇలాంటిదేనా?

రేడియో_మాస్టారు
ప్రసాద్ గారూ, మీ కేసులో బల్బుల మీద అనుమానం బలంగానే ఉంది. 433 మెగాహెర్ట్జ్ వైఫై కంటే చాలా కింద ఉంటుంది, చవక బల్బు గోల అక్కడి దాకా రావడం మామూలే. గేటు రిసీవర్ కూడా చాలా సన్నటి సిగ్నల్ కోసం చెవి ఒగ్గి కూర్చుంటుంది. బల్బులు స్విచ్ ఆపడం కాదు, హోల్డర్ నుంచి తీసేసి రాత్రి ఒకసారి, పగలు ఒకసారి రిమోట్ ఎంత దూరం నుంచి పనిచేస్తుందో అడుగులు లెక్కపెట్టి చెప్పండి. తీసేయమనడం ఎందుకంటే కొన్ని ఇళ్ళలో స్విచ్ న్యూట్రల్‌కి వేసి ఉంటుంది, ఆపినా బల్బు లోపల కాస్త కరెంటు తిరుగుతూనే ఉంటుంది.

గిరి అడిగింది మంచి ప్రశ్న. దానికి జవాబు సునీత గారే పగలు లైట్లు వేసి చూసి చెప్పాలి. ఇంకోటి, రాత్రి ఏడింటికి లైట్లు ఒక్కటే కాదు, వీధిలో అందరి ఏసీలూ ఆన్ అవుతాయి. ఆ టైములో ప్లగ్గులో ఎన్ని వోల్టులు వస్తున్నాయో కూడా కొలవండి.

సత్యంపురం_సునీత
మూడు రోజులు పట్టింది, ఓపిగ్గా చూశాను. ల్యాప్‌టాప్‌ని ఒకే కుర్చీలో పెట్టి, 2.4 మీద, ఒక్కోసారి పది నిమిషాలు. `netsh wlan show interfaces` కొడితే Receive rate (Mbps) అని వస్తుంది కదా, అది కూడా రాసుకున్నాను.

పగలు పదకొండింటికి ప్లగ్గులో 226 వోల్టులు. లైట్లు ఆపి ఉంటే రేటు 144, ఏమీ పోలేదు. లైట్లు వేస్తే 115కి, ఒక్కోసారి 86కి దిగింది, పది నిమిషాల్లో రెండు ప్యాకెట్లు పోయాయి. కాల్ మాత్రం తెగలేదు.

రాత్రి ఎనిమిదికి ప్లగ్గులో 186 వోల్టులే ఉంది, ఇంత తక్కువ ఉంటుందని మాకు ఇన్నాళ్ళూ తెలియదు. లైట్లు ఆపేసినా కూడా రేటు 57 దగ్గర ఊగుతూ ముప్పైకి పైగా ప్యాకెట్లు పోయాయి. లైట్లు వేస్తే 28కి పడిపోయి రెండుసార్లు వైఫైయే తెగింది. అంటే లైట్లు లేకపోయినా రాత్రి పోతూనే ఉంది, లైట్లు వేసినప్పుడే గమనించడం వల్ల నేను దాని మీదకి నెట్టేశాను.

తర్వాత మా మరిది గారి చిన్న యూపీఎస్ తెచ్చి, ప్లగ్గు పీకేసి, బ్యాటరీ మీద నడిపాను. అదే రాత్రి, అదే 186 వోల్టులు, లైట్లు అన్నీ వేసి, ఫ్యాన్ కూడా ఫుల్లు పెట్టి. 144. ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు.

గుంటూరు_గిరి
అయితే నేను చెప్పింది తప్పే. కానీ పగలు లైటు వేస్తే 115కి దిగడం మాత్రం లైటు వల్లే కదా, అది కూడా లెక్కే.

రేడియో_మాస్టారు
లెక్కే, కాదనను. డ్రైవర్ తన గోలని ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లోకి వదులుతోంది, పక్కనే ఉన్న అడాప్టర్ దాన్ని ఆపకుండా రౌటర్‌కి అందిస్తోంది. రాత్రి తెగిపోవడానికి మాత్రం పెద్ద కారణం ఆ అడాప్టర్ 186 వోల్టులకి నిలబడలేకపోవడం. సునీత గారూ, వీలైతే దాన్ని ఎవరి చేతైనా విప్పించండి. మీరు విప్పకండి, ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టుల దాకా కాసేపు నిలిచి ఉంటుంది.

రిపేర్_రఫీ
గవర్నర్‌పేటలో నాకు చిన్న రిపేర్ షాపు ఉంది మేడమ్, ఏ రోజైనా పట్టుకురండి, వోల్టేజీని గీతలా చూపించే స్కోప్ ఉంది, ప్లగ్గు వోల్టేజీ తగ్గించి పెంచే డిమ్మర్‌స్టాట్ ఉంది, పెట్టి చూపిస్తాను. డబ్బులేమీ వద్దు, ఇలాంటివి వారానికి నాలుగైదు వస్తాయి నా దగ్గరికి. మల్టీమీటర్లో 11.8 చూసి బాగుందనుకోవద్దు, అది సరాసరి మాత్రమే చూపిస్తుంది. మధ్యలో వోల్టేజీ సెకనుకి వందసార్లు కుంగి లేస్తున్నా దానికి తెలియదు.

రిపేర్_రఫీ
ఈ రోజు మేడమ్ వాళ్ళ ఆయన తెచ్చారు, చూశాను. పైన 12 వోల్టులు 1.5 ఆంపియర్లు, 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉంది. అంటే 18 వాట్లు. అంత రేంజి రాసిన దాంట్లో ఏసీ కరెంటు వైపు పెద్ద కెపాసిటర్ 33 మైక్రోఫారడ్‌కి తగ్గకూడదు. ఇందులో వేసింది 4.7. అది కూడా వేడికి ఎండిపోయింది, తీసి కొలిస్తే 2.9 వచ్చింది. ఏసీ వచ్చే దారిలో నాయిస్ ఆపడానికి కాయిల్ ఉండాల్సిన చోట చిన్న తీగముక్క సోల్డర్ చేసి వదిలేశారు, పక్కన కెపాసిటర్ చోటు ఖాళీ. బోర్డు మీద గుర్తులు మాత్రం ఉన్నాయి, అంటే డిజైన్లో ఉన్నవే, ఖర్చు తగ్గించడానికి వేయలేదు.

రౌటర్ అంత లోడు కట్టి స్కోప్‌లో చూశాను. 230 ఇస్తే సన్నగా గుచ్చినట్టు స్పైకులు ఉన్నాయి గానీ గీత దాదాపు నిలకడగా ఉంది. డిమ్మర్‌స్టాట్ తిప్పుతూ 190 దిగేసరికి 12 వోల్టుల గీత కుంగడం మొదలైంది, 185 దగ్గర కుంగు ఒక వోల్టు దాటింది. ఏసీలో ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరం వచ్చేదాకా, అంటే సెకనులో వందో వంతు, అడాప్టర్ ఆ కెపాసిటర్లో దాచుకున్న దాంతోనే బతకాలి. మంచి వోల్టేజీలో 2.9 కూడా ఎలాగోలా లాక్కొస్తుంది. 185లో ఆ నిల్వ మధ్యలోనే అయిపోతుంది. గిరి గారు అడిగిన పగలు ఎందుకు పోదు అన్న దానికి జవాబు ఇదే.

అదే బల్ల మీద నా దగ్గరున్న మంచి అడాప్టర్ ఒకటి పెట్టి 170 దాకా దించాను, గీత కదల్లేదు.

కృష్ణలంక_కిరణ్
మాస్టారూ అట్టముక్క పనిచేసింది, థాంక్స్ అండీ. రఫీ అన్నా, కొనేటప్పుడు ఎలా తెలుసుకోవాలి? ఐఎస్ఐ గుర్తులాంటిది చూసి తీసుకుంటే సరిపోతుందా?

రిపేర్_రఫీ
అడాప్టర్ మీద ఐఎస్ 13252 అని, కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, అది లేనిది అసలు తీసుకోవద్దు. కానీ అది షాకు కొట్టకుండా, కాలిపోకుండా ఉండటానికి చేసే పరీక్ష, నాయిస్ గురించి కాదు. పైగా దొంగ నంబరు ముద్రించినవి కూడా నా బల్ల మీదికి వస్తున్నాయి. చేతిలో పట్టుకుంటే బరువు తెలుస్తుంది, ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంటే లోపల కాయిలూ కెపాసిటరూ లేనట్టే. ఇక రౌటర్ మీద ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో అంతకు తగ్గకూడదు, ఎక్కువైతే ఇబ్బంది లేదు. వోల్టులు మాత్రం అదే ఉండాలి, పిన్నులో ప్లస్ లోపలుందా బయటుందా చూసుకోవాలి.

పటమట_ప్రసాద్
బల్బులు రెండూ తీసేసి చూశాను మాస్టారూ. పగలు నలభై అడుగుల నుంచి తెరుచుకుంది. రాత్రి కూడా బల్బులు లేకుండా పాతిక అడుగులు. బల్బులు పెట్టి వేస్తే మూడు అడుగులు. వేరే బ్రాండు బల్బు తెచ్చి పెడితే పదిహేను వచ్చింది. రాత్రి బల్బులు లేకపోయినా తగ్గడం ఎందుకో తెలియడం లేదు.

రేడియో_మాస్టారు
పక్కింటి వాళ్ళ లైట్లు కావచ్చు, వీధి దీపం కావచ్చు, ఇక్కడ కూర్చుని చెప్పలేను. గేటు రిసీవర్‌కి చిన్న తీగ యాంటెన్నా వేలాడుతుంటుంది, దాదాపు 17 సెంటీమీటర్లు. అది మోటారు డబ్బాలో చుట్టి పడేసి ఉంటే నిటారుగా, బల్బు వైర్లకి దూరంగా బయటికి తీయించండి. బల్బు మార్చడం కంటే అదే ఎక్కువ లాభం ఇవ్వచ్చు.

సత్యంపురం_సునీత
రఫీ గారి దగ్గరే 12 వోల్టులు 2 ఆంపియర్ల అడాప్టర్ 450కి తీసుకున్నాం. ఎల్‌ఈడీ డ్రైవర్‌ని ఆ బాక్స్ నుంచి తీసి అవతలి గోడ ప్లగ్గుకి మార్పించాను. వారం అయింది. నిన్న రాత్రి ప్లగ్గులో 183 ఉండగా లైట్లన్నీ వేసి గంటన్నర కాల్ మాట్లాడాను, ఎక్కడా ఆగలేదు. రేటు 130, 144 మధ్యే ఉంది. తక్కువ వోల్టేజీ గురించి కరెంటు ఆఫీసులో కంప్లయింట్ రాసి ఇచ్చి వచ్చాం, ఇంకా ఎవరూ రాలేదు.

ఒక్కటి మిగిలింది మాస్టారూ. మా అత్తయ్య గారు పొద్దున్నే వంటింట్లో విజయవాడ స్టేషన్ వింటారు, 837 మీద. హాల్లో స్ట్రిప్ లైటు వేస్తే ఆ రేడియోలో బుర్రుమని అలాగే వస్తోంది, డ్రైవర్ ప్లగ్గు మార్చినా తగ్గలేదు. ఆన్‌లైన్లో తెప్పించి తీగకి తగిలించే నల్లటి క్లిప్పు ఒకటి పెట్టాను, తేడా లేదు.

రేడియో_మాస్టారు
ఆ క్లిప్పులోంచి తీగ ఒక్కసారే పోతుంది కదా, మీడియం వేవ్ గోలకి అది చాలదు. విప్పే పని లేని, నిండు రింగు ఫెరైట్ పెద్దది తెచ్చి, డ్రైవర్‌కి వచ్చే 230 వైరు రెండు తీగలూ కలిపి ఏడెనిమిది చుట్లు వేయించాలి, అదీ డ్రైవర్‌కి ఆనుకుని. రఫీ దగ్గర పాత టీవీ బోర్డుల రింగులు ఉంటాయేమో అడగండి. స్ట్రిప్ వైపు పోయే 12 వోల్టుల తీగకి కూడా అలాగే ఇంకోటి పడాల్సి రావచ్చు, ఎందుకంటే గోడ చుట్టూ తిరిగిన ఆ స్ట్రిప్పే పెద్ద యాంటెన్నాలా పనిచేస్తుంది. మొదటిది వేశాక రేడియో పెట్టి విని చెప్పండి, ఆ తర్వాత రెండోది చూద్దాం.

రిపేర్_రఫీ
రింగులు ఉన్నాయి మాస్టారూ, రెండు పక్కన పెడతాను. ఆదివారం తప్ప ఎప్పుడైనా పంపండి మేడమ్.